మాట తిరగబడకుండా ప్రాస కుదరాలంటే
(తిరుపతిలో కొత్తగా పాటలు రాస్తున్నవాళ్ళ కోసం జరిగిన శిక్షణలో చేసిన ప్రసంగం, రాతలో)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో వచ్చినందుకు సంతోషం. ఇక్కడ ఉన్నవాళ్ళలో చాలామంది ఇప్పటికే షార్ట్ ఫిల్మ్‌లకో, ప్రైవేట్ సాంగ్స్‌కో, ఊరి దేవుడి పాటల ఆల్బమ్‌కో రాసినవాళ్ళే కాబట్టి పాట ఎలా పుడుతుంది, ప్రేరణ ఎక్కడ్నించి వస్తుంది అనే మాటల జోలికి నేను పోను. పాట రాయడం అయిపోయింది, బాణీకి సరిపోయింది, ప్రాస కూడా పడింది, కానీ పాడి వినిపిస్తే పక్కనున్నవాడు "ఏమన్నావ్, మళ్ళీ చెప్పు" అంటున్నాడు. ఆ పాటని ఎలా సరిదిద్దాలి అన్నదే ఈరోజు మన పని. నేను ఎక్కువగా చేసేది కూడా అదే, పక్కవాళ్ళు రాసిన పాటలు సరిదిద్దడం.

పొద్దున ఇక్కడే ఒక అమ్మాయి తన పాట ఇచ్చింది, అందరి ముందూ విప్పి చూపించడానికి ఒప్పుకుంది కూడా. సందర్భం మీకు చెప్పక్కర్లేదు, మన గంగమ్మ జాతర. కొడుకు బెంగళూరులో ఉద్యోగం, జాతరకి వస్తానన్నాడు, తల్లి చూస్తోంది. చాటింపు వేశాక ఊళ్ళోవాళ్ళు పొలిమేర దాటకూడదంటారు కదా, బయట ఉన్నవాడు ఆ లోపల రావాలని తల్లికి ఆత్రం. చాలా మంచి సందర్భం. బాణీ వాళ్ళ స్నేహితుడు కీబోర్డు మీద ఇచ్చాడు, చతురస్ర గతి, పల్లవికి నాలుగు పాదాలు. మొదటి రెండు పాదాలూ "తానన తానన తానన తానన", తర్వాతి రెండూ "తానన తానన తానన తననా". పాదానికి నాలుగు ముక్కలు, ముక్కకి నాలుగు మాత్రలు, మొత్తం పదహారు. అమ్మాయి రాసింది ఇది:

జాతర వచ్చెను గంగమ్మదిరా
చూసితి దారిని నీదే కదరా
బస్సులు దిగేటి జనముల లోనా
నీ ముఖమును నే కనలేదౌనా

లెక్క వేసి చూడండి. లఘువుకి ఒకటి, గురువుకి రెండు. జాతర నాలుగు, వచ్చెను నాలుగు, గంగమ్ నాలుగు, మదిరా నాలుగు. నాలుగు పాదాలూ అలాగే పదహారుకి పదహారు వస్తాయి. చివర రా, రా, నా, నా. కాగితం మీద తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయినా వినేవాడికి అందులో తల్లి కనిపించదు. ఎందుకు కనిపించదో మనకి అర్థమైతే సరిదిద్దడం సగం అయిపోయినట్టే.

నేను మొదట చేసేది బాణీని పక్కన పెట్టేయడం. ఆ తల్లే ఇప్పుడు ఈ గుమ్మంలో నిలబడి ఫోన్లో మాట్లాడుతుంటే ఇదే సంగతి ఏ మాటల్లో అంటుందో ఒక కాగితం మీద రాసుకుంటా. "గంగమ్మ జాతర వచ్చేసింది నాయనా, నీ దారే చూస్తా ఉండా, రాత్రి కంటికి నిద్దర లేదు, ఊళ్ళో ఎంతమందో బస్సు దిగతా ఉండారు గానీ నీ మొగం కనపళ్ళేదే." అంతే. ఈ కాగితాన్ని చివరిదాకా పారేయకూడదు. తర్వాత మనం ఎన్ని మార్పులు చేసినా, ప్రతి పాదాన్నీ తెచ్చి దీని పక్కన పెట్టి చూడాలి. పాదంలో ఉండి ఈ కాగితంలో లేని మాట ఏదైనా ఉందంటే దాన్ని అర్థం తెచ్చిందా, లెక్క తెచ్చిందా అని అడగాలి.

ఇప్పుడు రెంటినీ పక్కపక్కన పెట్టండి. "గంగమ్మ జాతర" అనేది ఒక్క ముద్ద. పాటలో జాతర ఒక చివర, గంగమ్మది ఇంకో చివర ఉన్నాయి, మధ్యలో క్రియ కూర్చుంది. "జాతర వచ్చింది, గంగమ్మది" అని ఎవరైనా నిజంగా అన్నారనుకోండి, మనకేం వినిపిస్తుంది? ఇంకెవరిదో జాతర కాదు, గంగమ్మది అని తేల్చి చెబుతున్నట్టు వినిపిస్తుంది. రెండో పాదంలోనూ అంతే. "నీ దారి" విడిపోయి "దారిని నీదే" అయింది. ఇంకొకరి దారి కాదు, నీదే అని ఎవరితోనో వాదిస్తున్నట్టు ఉంది. తల్లికి ఆ వాదన అవసరం లేదు. అంటే మాట వరస మారినప్పుడు అర్థం ఊరికే ఉండదు, ఎక్కడ నొక్కి చెప్పామన్నది మారిపోతుంది, మనకి అక్కర్లేని చోట బరువు పడుతుంది.

తెలుగులో వరస మార్చనే కూడదని ఎవరైనా చెబితే నమ్మకండి. మనం రోజూ మారుస్తూనే మాట్లాడతాం. "వచ్చాడు మీవాడు" అంటాం, "అయిపోయింది పని" అంటాం, "ఇచ్చేశా డబ్బులు" అంటాం. క్రియే అసలు వార్త అయినప్పుడు అది ముందుకి దూకుతుంది, ఎవరు, ఏమిటి అన్నది వెనక వచ్చి చేరుతుంది. వినేవాడికి అది సహజంగానే ఉంటుంది. కర్త, కర్మ, ఎక్కడ, ఎప్పుడు అనే మాటలు కూడా క్రియకి ముందూ వెనకా బాగానే తిరుగుతాయి.

తిరగనివి వేరే ఉన్నాయి. "నీ మొగం"లో నీ, "గంగమ్మ జాతర"లో గంగమ్మ, "ఎర్ర చీర"లో ఎర్ర, "బస్సు దిగిన మనిషి"లో దిగిన, ఇవి తమ నామవాచకానికి ముందే, ఆనుకునే ఉండాలి. వాటిని లాగి వెనక్కి వేస్తే "మొగము నీది", "చీర ఎర్రనిది" అని ఇంకో వాక్యం పుడుతుంది. "అని" కూడా అంతే, చెప్పిన మాట తర్వాతే రావాలి. "అని చెప్పావే వస్తానంటూ" లాంటివి రాసినవాడికి తప్ప ఎవరికీ అర్థం కావు. కాబట్టి ఒక పాదం తిరగబడినట్టు అనిపిస్తే నేను క్రియ ఎక్కడుందో చూడను, ముద్దలు విడిపోయాయా అని చూస్తా. ముద్దని ముద్దగా ఉంచి ఎటు జరిపినా చాలామటుకు చెవి ఒప్పుకుంటుంది, ముద్ద చిదిమితే మాత్రం ఒప్పుకోదు.

ఇక చివర వచ్చిన "రా", "కదరా", "ఔనా". రా మీద నాకు కోపం లేదు, తల్లి కొడుకుని రా అనే పిలుస్తుంది. కానీ "నీదే కదరా"లో కదరా ఎందుకొచ్చింది? పై పాదంలో దిరా ఉంది కాబట్టి వచ్చింది. దాన్ని తీసేసి చదవండి, అర్థంలో ఏమీ తగ్గదు, అంటే అది పూరణ. "ఔనా" ఇంకా నష్టం చేసింది. "నీ ముఖం చూడలేదు" అన్నది తల్లికి ఖాయంగా తెలిసిన బాధ, దానికి ఔనా తగిలించేసరికి తను చూసిందో లేదో తనకే అనుమానం ఉన్నట్టు అయింది. పూరణ పదాలు ఊరికే ఖాళీ నింపుతాయనుకుంటాం కదా, ఒక్కోసారి ఇలా అర్థాన్నే తినేస్తాయి.

భాష కూడా చూడండి. వచ్చెను, చూసితి, ముఖమును, జనముల. ఇవి గ్రాంథికం. మధ్యలో రా. ఈ తల్లి గుమ్మంలో నిలబడి వచ్చెను అనదు. మరి ఎందుకు రాసింది? "వచ్చింది"లో ఐదు మాత్రలు, "వచ్చెను"లో నాలుగు, అందుకని. లెక్క కోసం భాష కాలం మార్చేస్తే మొదటి మాటకే పాట పాత్ర నోట్లోంచి జారి రచయిత నోట్లోకి వస్తుంది.

సరే, దిద్దడం మొదలుపెడదాం. ముద్దలు విడగొట్టకుండా, వాడుక మాటల్లో, మొదటి రెండు పాదాలకి నేను ముందు రాసుకున్నది ఇలా ఉంది:

గంగమ జాతర వచ్చిందయ్యా
దారే చూస్తా ఉండానయ్యా

గంగమ్మని గంగమ అన్నా, ఎందుకంటే అమ్మవార్ల పేర్లు పాటల్లో అలా కుదించుకోవడం మన జనం నోట్లో ఉన్నదే. "వచ్చింది" ఐదు మాత్రలైనా పక్కన అయ్యా రాగానే "వచ్చిం-దయ్యా" అని నాలుగూ నాలుగుగా విడిపోయింది. సంధి మనకి చేసే సాయం ఇది. ఇంకోటి గమనించండి, "చూస్తున్నా" అంటే ఆరు మాత్రలు, మన చిత్తూరు వైపు "చూస్తా ఉండా" అంటే ఎనిమిది, దాన్నే గబగబా "చూస్తాండా" అంటే మళ్ళీ ఆరు. ఒకే అర్థానికి మన నోట్లోనే రెండు మూడు కొలతలు ఉన్నాయి. మాత్ర తక్కువైందని గ్రాంథికంలోకి పరుగెత్తే ముందు మన యాసలో వెతకాలి. ఒక్క షరతు, ఒక చోట ఉండా అంటే పాటంతా ఆ తల్లి అలాగే మాట్లాడాలి. ఒక పాదంలో ఉండా, ఇంకో పాదంలో ఉన్నాను అని కలిపేయకూడదు.

ఈ రెండు పాదాల్లో వరస తప్పులేదు, లెక్క తప్పులేదు. అయినా నాకు నచ్చలేదు. ప్రాస అయ్యా మీదే ఉంది. వచ్చింద-అయ్యా, ఉండాన-అయ్యా, రెంటికీ ఒకే మాట తగిలించి ప్రాస అనిపించుకుంటున్నాం. తెలుగులో అంత్యప్రాస దొరక్క ఎవరూ ఇబ్బంది పడరు, మరీ తేలిగ్గా దొరకడమే ఇబ్బంది. క్రియ చివర వస్తుంది, వచ్చింది, పోయింది, చూసింది, నవ్వింది అన్నీ ఇంది, వాడు వస్తే అన్నీ ఆడు. వ్యాకరణం ఉచితంగా ఇచ్చే ఆ ప్రాసని రెండు పాదాల తర్వాత చెవి పట్టించుకోవడం మానేస్తుంది. దాన్ని తప్పించుకోవాలనే చాలామంది క్రియని లాగేసి, చివర ఏదో ఒక నామవాచకాన్ని కూర్చోబెట్టాలని ముద్దలు చిదుముతారు. రోగం అక్కడ మొదలవుతుంది.

దీనికి నేను చేసేది చెబుతా. మాటని ప్రాస దగ్గరికి ఈడ్చను, వచనం రాసుకున్న కాగితంలో సహజంగా పాదం చివర నిలబడగల మాటలు ఏమున్నాయో వాటి కింద గీత గీస్తా. ఇక్కడ జాతర ఉంది, దారి ఉంది, నిద్దర ఉంది, మొగం ఉంది, బస్సు ఉంది. ఇప్పుడు ఇందులోనే జతలు చూడండి. జాతర, నిద్దర! ఒకటి తకారం, ఒకటి దకారం, అచ్చంగా ఒకటే కాదు, కానీ "తర", "ద్దర" పాటలో దగ్గరగా మోగుతాయి. పైగా ఒకటి పండగ, ఒకటి నిద్ర, అర్థంలో దూరం మాటలు. దూరం మాటలు ప్రాసలో కలిస్తేనే వినేవాడు చెవి నిక్కపొడుస్తాడు.

ఇంకో అలవాటు కూడా చెప్పాలి. రెండు ప్రాస పదాల్లో ఏది కష్టమైనదో, దేనికి వాక్యం తక్కువ రకాలుగా కుదురుతుందో, ఆ పాదం ముందు రాయండి. జాతరతో ఎన్ని వాక్యాలైనా రాయొచ్చు, నిద్దరతో ముగిసే వాక్యం కష్టం. అందుకని రెండో పాదం ముందు రాశా. "రాతిరి పట్టదు కంటికి నిద్దర." రాతిరి, పట్టదు, కంటికి, నిద్దర, నాలుగూ తానన తానన తానన తానన, అచ్చు గుద్దినట్టు. వరస మారింది, నిజమే, వచనంలో "కంటికి నిద్దర పట్టదు" అంటాం. కానీ ముద్ద ఏదీ విడిపోలేదు, క్రియ ముందుకొచ్చింది అంతే. "పట్టదు నాకు నిద్ర" అని మనం అంటాం కాబట్టి చెవి ఒప్పుకుంటుంది. ఆ తర్వాత మొదటి పాదం తేలిక. వార్త చెబుతున్నాం కాబట్టి క్రియతో మొదలుపెట్టొచ్చు, "వచ్చేసిందిర గంగమ జాతర." గంగమ జాతర మళ్ళీ ఒక్కచోటికి వచ్చింది చూశారా. ఇక్కడున్న ర పిలుపు. కొడుకుతో మాట్లాడుతోందని పాట మొదట్లోనే తెలియాలి, ఆ పని ఇది చేస్తోంది, అందుకని ఉంచా. ఇంకెక్కడా వాడను.

మూడు, నాలుగు పాదాలకి వద్దాం. ఇక్కడ మాత్రల గురించి ఒక ముఖ్యమైన సంగతి ఉంది, కాస్త నిదానంగా చూద్దాం. "బస్సులు దిగేటి జనముల లోనా" పదహారు మాత్రలే, లెక్క తప్పలేదు, కానీ పాడి చూడండి. రెండో ముక్కలో బాణీ తానన, అంటే ముందు పొడుగు, తర్వాత రెండు పొట్టి. మన మాట ది-గే-టి, పొట్టి, పొడుగు, పొట్టి. పాడేవాడు ఏం చేస్తాడు, బాణీనే నమ్ముకుంటాడు, "దీగెటి" అంటాడు. అది ఏ భాషో తెలియదు. మొత్తం కూడితే సరిపోయింది, లోపల సరిపోలేదు.

మరి ప్రతి ముక్కా బాణీకి అచ్చం అలాగే ఉండాలా అంటే అక్కర్లేదు. గురువుని రెండు పొట్టి స్వరాల మీద పరిస్తే ఏమీ కాదు. "వచ్చే"లో చే తీసుకుని న-న మీద చే-ఏ అని పాడితే అది చేగానే వినిపిస్తుంది. ఒక పొడుగు స్వరం మీద రెండు లఘువులు కూర్చున్నా ఫర్వాలేదు. తా అన్నచోట క-న అంటాం, ఇబ్బంది లేదు. ప్రమాదం ఒక్కటే, ఒంటరి లఘువుని పొడుగు స్వరం మీద పెట్టడం. తెలుగులో అచ్చు పొడుగైతే మాటే మారిపోతుంది. పడు అన్నది పాడు అవుతుంది, కల కాల అవుతుంది, వడి వాడి అవుతుంది. పాదం ఆఖరి అక్షరాన్ని సాగదీస్తే జనం పట్టించుకోరు, అది పాటల్లో అలవాటు. పాదం మధ్యలో సాగితే ఊరుకోరు.

ఇంకొంచెం లోపలికి వెళితే, గురువుల్లో కూడా రెండు రకాలు ఉన్నాయి. జాతరలో జా అచ్చు పొడుగు వల్ల గురువు. నిద్దరలో ని పక్కన ఒత్తు ఉండటం వల్ల గురువు, దాని అచ్చు పొట్టిదే. రెండు మాత్రల స్వరం మీద రెండూ చక్కగా నిలుస్తాయి. కానీ సంగీత దర్శకుడు రేపు ఆ చోట స్వరాన్ని నాలుగు మాత్రలు సాగదీయాలనుకున్నాడనుకోండి, జా ఎంతసేపైనా సాగుతుంది, ని మాత్రం "నీద్దర" అయిపోతుంది. అందుకని బాణీ తెచ్చుకున్నప్పుడే ఎక్కడ నిలుపుతున్నారో అడిగి, ఆ చోట్ల గుర్తు పెట్టుకోండి, అక్కడ దీర్ఘం ఉన్న మాట గానీ, గంగమలో గం లాగా సున్నా ఉన్న మాట గానీ రావాలి. సున్నా మీద గొంతు మూసుకుని మోగించుకోవచ్చు కాబట్టి అదీ పనికొస్తుంది.

ఇప్పుడు మూడో పాదం. వచనంలో "ఊళ్ళో ఎంతమందో బస్సు దిగతా ఉండారు గానీ" అని ఉంది. ఆ "గానీ" అనే మలుపుని ప్రాసగా వాడుకోవచ్చు కదా అనిపించింది. "ఎంతమంది దిగినా" అంటే మలుపు వచ్చేస్తుంది, వాక్యం సహజంగా "దిగినా" మీదే ఆగుతుంది, పైగా పై పాదాల్లాగా మళ్ళీ వరస మార్చాల్సిన పని లేదు. "ఊళ్ళో ఎందరు బస్సులు దిగినా." ఆఖరి ముక్క బాణీలో తననా, మన మాట ది-గి-నా, సరిగ్గా కూర్చుంది. దీనికి జత "మొగమైనా". ఒకటి క్రియ, ఒకటి నామవాచకం, వ్యాకరణం ఉచితంగా ఇచ్చిన ప్రాస కాదు. "కనబడలేదే నీ మొగమైనా." కనబడ నాలుగు లఘువులు, లేదే రెండు గురువులు, నీ మొగ, మైనా. నీ మొగం అనే ముద్ద విడిపోలేదు. ముఖం మొగమైంది, కనలేదు కనబడలేదే అయింది. ఆ ఏ-కారం తల్లి బాధలోంచి వచ్చింది, లెక్కకీ పనికొచ్చింది.

పల్లవి ఇప్పుడు ఇలా ఉంది:

వచ్చేసిందిర గంగమ జాతర
రాతిరి పట్టదు కంటికి నిద్దర
ఊళ్ళో ఎందరు బస్సులు దిగినా
కనబడలేదే నీ మొగమైనా

"దారే చూస్తా ఉండా" పోయింది, గమనించారా. నాకు ఇష్టమైన మాటే, కానీ నిద్ర పట్టడం లేదు, బస్సు దిగినవాళ్ళ మొహాలు చూస్తోంది అన్నాక దారి చూస్తోందని మళ్ళీ చెప్పాలా? ప్రాస కోసం ఒక మాట తీయాల్సి వచ్చినప్పుడు ఇలా, పాటలో ఇంకోచోట చెప్పేసిన మాటే తీయండి. చెప్పని మాట తీసేస్తే పాట చిక్కిపోతుంది.

(సభలోంచి ఒకరు: పాత పద్యాల్లో మాటలు ఎటుబడితే అటు ఉంటాయి కదండీ, అన్వయం చేసుకుంటే అర్థమవుతుంది. మనం రాస్తే ఎందుకు తప్పు?)

మంచి ప్రశ్న. పద్యంలో విభక్తులు పూర్తిగా ఉంటాయి, "ను" ఉంటే కర్మ, "చేత" ఉంటే కర్త అని మాట ఎక్కడున్నా తెలుస్తుంది. పైగా పద్యం చదివేవాడు ఆగి, వెనక్కి వెళ్ళి, అన్వయించుకునేవాడు. పాట వినేవాడు బైక్ మీద వెళుతూ వింటాడు, వెనక్కి వెళ్ళడు. మనం వాడుక భాషలో రాస్తూ ఆ ను, చేత తీసేస్తాం, తీసేశాక ఎవరు ఎవర్ని అన్నది చెప్పడానికి మాట వరస ఒక్కటే మిగులుతుంది. దాన్నీ చెరిపేస్తే ఇక ఏమీ మిగలదు. పౌరాణిక నాటకానికి రాస్తున్నారనుకోండి, భాష మొత్తం ఆ పద్ధతిలోనే పెట్టండి, అప్పుడు తిరగబడ్డ వరస కూడా ఇముడుతుంది.

ఇంకో తేడా కూడా ఉంది. మన కొండ మీద రాగిరేకుల్లో దొరికిన తాళ్ళపాక వారి సంకీర్తనలు తీసుకోండి. రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఇప్పుడు మనం వినే బాణీలు చాలామటుకు 20వ శతాబ్దంలో కట్టినవి. అంటే అక్కడ మాట స్థిరంగా ఉంది, బాణీ కట్టినవాళ్ళు మాటకి తగ్గట్టు స్వరాన్ని పొడుగో పొట్టో చేసుకోగలిగారు. మీకు ఇప్పుడు వస్తున్న పనిలో బాణీ ముందు వస్తుంది, సర్దుకోవాల్సింది మాట. అయినా సంగీత దర్శకుడితో ఒకసారి మాట్లాడి చూడండి. ఒక చోట తానన బదులు తననా చేస్తే మంచి మాట నిలుస్తుందంటే చాలామంది ఒప్పుకుంటారు. అడగడానికి మొహమాటపడి మాటని విరగ్గొట్టుకునేవాళ్ళే ఎక్కువ.

(సభలోంచి ఇంకొకరు: చరణంలో వేషాల పేర్లు పెట్టాలనుకున్నాం సార్. బైరాగి వేషం, బండ వేషం, మాతంగి. పేర్లు మార్చలేం కదా, లెక్కకి రావట్లేదు.)

అవును, పేరు కదలదు. పేరు కదలనప్పుడు దాని పక్కన వచ్చే మాట కదలాలి. మీరు రాసిన పాదం ఇటివ్వండి. "బైరాగయ్యి బజారున తిరిగే." లెక్క బావుంది, పదహారు. కానీ తాళం వేస్తూ పాడండి. బైరా, గయ్యిబ, జారున, తిరిగే. తాళం దెబ్బ "బజారున"లో జా మీద పడింది, బ వెనక ముక్కకి అతుక్కుపోయింది. వినేవాడికి "జారున తిరిగే" అని వినబడుతుంది, ఎవరో జారిపడ్డారనుకుంటాడు. మాట రెండు ముక్కల మధ్య నడవడం తప్పు కాదు, పైన "వచ్చే-సిందిర" కూడా అలాగే నడిచింది. అయితే విడిపోయిన రెండో సగానికి సొంత అర్థం ఉంటేనే ప్రమాదం. సిందిర అనేదానికి సొంత అర్థం లేదు, జారుకి ఉంది.

బైరాగిలో ఐదు మాత్రలు, బైరా-గి అని విడిపోవడం తప్పదు. ఆ గి తర్వాత మూడు మాత్రలు కావాలి, లేదా సంధితో గిని గురువు చేయాలి. "బైరాగి అల్లే" అన్నది "బైరాగల్లే" అవుతుంది, బైరా, గల్లే. బజారు బదులు వీధులు. "బైరాగల్లే వీధుల తిరిగే." దెబ్బ వీ మీద పడుతుంది, మాట మొదలు మీదే. బాగుంది. కానీ ఇక్కడ ఇంకోటి చూడాలి. "తిరిగే" అన్నది ఒక మనిషి కోసం ఎదురుచూస్తోంది, తిరిగే ఎవరు? అది కూడా ముద్దే. ఆ మనిషి తర్వాతి పాదం మొదట్లోనే రావాలి:

బైరాగల్లే వీధుల తిరిగే
చిన్నోడా నువు యాడున్నావో

ఈ రెండు పాదాల మధ్య వాయిద్యం బిట్టు పెట్టకూడదని సంగీత దర్శకుడికి కాగితం మీదే రాసివ్వండి. గాయని "తిరిగే" దగ్గర ఊపిరి తీసుకున్నా చాలు, ముద్ద విడిపోతుంది. ప్రాస రాలేదంటారా? ఈ రెండు పాదాలకి అంత్యప్రాస పెట్టలేదు, కావాలనే. పల్లవిలో రెండు జతలు గట్టిగా మోగాయి, చరణం మొదట్లో చెవికి కాస్త విరామం ఇస్తే తర్వాత వచ్చే ప్రాస బాగా పడుతుంది. ప్రాస ఉండి తీరాలి అంటే చివరికి పోకుండా మొదటికి పొండి. మన పద్యాల్లో ప్రాస ఉన్నది రెండో అక్షరంలో కదా, అది పాదం మొదట్లో ఉంటుంది, క్రియని గానీ పాదం చివరని గానీ ముట్టుకోదు కాబట్టి వరస చెడే అవకాశం బాగా తక్కువ. బైరా అంటే రెండో అక్షరం రకారం, కింద పాదాన్ని రకారం రెండో అక్షరంగా మొదలుపెట్టి చూడండి, ఊరు, వారం, ఏరా, ఎన్నో దొరుకుతాయి. "ఏరా చిన్నా యాడున్నావో" అన్నా కుదురుతుంది, ఏరా, చిన్నా, యాడున్, నావో, పదహారే. కాకపోతే అప్పుడు "తిరిగే"కి "చిన్నా" కొంచెం దూరమైంది, మధ్యలో ఏరా అడ్డం వచ్చింది. నేనైతే ముందు రాసిందే ఉంచుతా. మీరు రెండూ పాడించి విని తేల్చుకోండి.

పాడించడం అంటే ఒక మాట. మీ పాట తెలిసినవాళ్ళ చేత పాడించకండి, వాళ్ళకి అర్థం ముందే తెలుసు. పాట చూడనివాళ్ళకి, కామాలు గానీ విరుపులు గానీ లేకుండా రాసిన కాగితం ఇచ్చి, బాణీ ఒక్కసారి వినిపించి పాడమనండి. వాళ్ళు ఎక్కడ తడబడితే అక్కడ గీత పెట్టండి, ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ చుక్క పెట్టండి. తడబడిన చోట సాధారణంగా లఘువు పొడుగు స్వరం మీద ఉంటుంది, ఊపిరి తప్పిన చోట ముద్ద విడిపోయి ఉంటుంది. తర్వాత ఇంకొకరికి ఒక్కసారే వినిపించి, ఆ తల్లి ఏమందో మామూలు మాటల్లో చెప్పమనండి. వాళ్ళు చెప్పింది మీరు మొదట రాసుకున్న వచనం కాగితంతో పోల్చి చూడండి.

ఇక మీ పాటలు బయటికి తీయండి. ముందు వరస నుంచి మొదలుపెడదాం, బాణీ ఫోన్లో ఉన్నవాళ్ళు అది కూడా వినిపించండి.